నిన్నటి పాలకూర పప్పు: కొలిచి చూసిన డైరీ

మా ఇంట్లో ఆకుకూర ఏదైనా సరే, రాత్రి మిగిలితే పొద్దున్న మళ్లీ పొయ్యెక్కదు. "రెండోసారి వేడి చేస్తే విషమైపోతుందిరా" అంటుంది అమ్మ. విజయవాడలో మే నెల, ఇంట్లో ముగ్గురం, వారంలో మూడు రోజులు పాలకూర పప్పు, ప్రతిసారీ పావు వంతు మిగులు. ఆ మిగులు పనిచేసే ఆమె డబ్బాలోకి వెళ్లేది. విషమైతే ఆమెకెందుకు ఇస్తున్నామని అడిగితే అమ్మ దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. అందుకే కొలవడం మొదలుపెట్టాను.

ఆకుకూరల్లో నైట్రేట్ ఎక్కువ. నైట్రేట్‌తో పెద్ద ఇబ్బంది లేదు. కొన్ని బ్యాక్టీరియాలు దాన్ని నైట్రైట్‌గా మారుస్తాయి, విషమన్న చర్చంతా ఆ నైట్రైట్ గురించే. యూరప్‌లో తాజా స్పినాచ్‌కు కిలోకు 3,500 మిల్లీగ్రాముల నైట్రేట్ దాటకూడదని పరిమితి ఉంది. ఆకులో అది ఎంత పేరుకుంటుందో ఈ అంకె చెబుతుంది. మన పాలకూర నిజానికి ఆ స్పినాచ్ కాదు, బీట్‌రూట్‌కు దగ్గరి చుట్టం. తోటకూర కూడా ఆ కుటుంబంలోదే. నైట్రేట్ కూడబెట్టే అలవాటు మాత్రం అన్నిటికీ ఉంది.

తేల్చాల్సింది ఒకటే. నైట్రైట్ వేడి చేసినప్పుడు పుడుతుందా, అంతకు ముందే పుడుతుందా?

దశ 1: పప్పు ఎంతసేపటికి చల్లారుతుంది (మే 4, 5)

వంటింటి థర్మామీటర్ ఒకటి కొన్నాను, పుల్లలా గుచ్చి చూసేది. మరిగే నీళ్లలో పెడితే 99 చూపించింది, ఐసు నీళ్లలో 1. నా పనికి ఇది చాలు.

అమ్మ రోజూ చేసినట్టే కుక్కర్‌లో దాదాపు కిలోన్నర పప్పు. గది 34 డిగ్రీలు, ఫ్యాన్ తిరుగుతోంది. పోపు వేసి మూత పెట్టి, పుల్ల మధ్యలో దిగేలా చూసుకుంటూ రాసుకున్నాను.

- దించగానే: 95
- 1 గంటకు: 74
- 2 గంటలకు: 60
- 4 గంటలకు: 45
- 6 గంటలకు: 39

ఇంత నెమ్మదిగా చల్లారుతుందని నేననుకోలేదు. అమెరికా ఆహార నియమావళి ప్రకారం, హోటళ్లలో వండినది 57 డిగ్రీల నుంచి 21కి రెండు గంటల్లో దిగాలి, మొత్తం ఆరు గంటల్లో 5కి చేరాలి. మన మే నెలలో గదిలో వదిలేసిన గిన్నె 21కి రావడమన్నది జరగదు, గదే 34 కదా. బయట వదిలేసే వంటకు మామూలుగా రెండు గంటలు గడువు ఇస్తారు, గది 32 డిగ్రీలు దాటితే ఒక గంటే. ఆ లెక్కన మా పప్పుకు గడువు ఏ రోజూ మిగల్లేదు.

మరో సంగతి. క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికించినా చావవు. 43, 47 డిగ్రీల మధ్య అది మహా వేగంగా పెరుగుతుంది. మా కుక్కర్ ఆ వేడిలో దాదాపు గంట కూర్చుంది, దాని కిందా పైనా ఇంకొన్ని గంటలు. నైట్రైట్ కొలుద్దామని మొదలుపెట్టినవాడికి మొదటి రోజే దొరికింది ఇది.

ఇప్పటివరకు: ఖర్చు 450 రూపాయలు, నైట్రైట్ టెస్టులు 0.

దశ 2: పసుపు చెడగొట్టింది (మే 8)

మా ఇంట్లో చేపల తొట్టి ఉంది. తొట్టి నీళ్లలో నైట్రైట్ చూసే చుక్కల కిట్ ఆక్వేరియం షాపులో దొరుకుతుంది. గొట్టంలో 5 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, చుక్కలు వేసి, ఐదు నిమిషాలు ఆగితే గులాబీ రంగు వస్తుంది. కార్డు మీద 0, 0.25, 0.5, 1, 2, 5 పీపీఎం మెట్లు ఉంటాయి, పీపీఎం అంటే లీటరుకు ఒక మిల్లీగ్రాము. చుక్కలు కొత్తవే కొన్నాను, 50 టెస్టులకు వస్తాయి.

మొదట చేసిన పద్ధతి:

1. పప్పు 10 గ్రాములు తూచి, ఆర్‌వో నీళ్లు 90 గ్రాములు కలపాలి.
2. వేడి నీళ్ల గిన్నెలో పది నిమిషాలు ఉంచి, కలుపుతూ ఉండాలి.
3. కాఫీ ఫిల్టర్ కాగితంలో వడకట్టాలి.
4. వచ్చిన నీళ్లు 5 మిల్లీలీటర్లు గొట్టంలో పోసి చుక్కలు వేయాలి.

వచ్చిన రంగు ఇటుకపొడిలా ఉంది. కార్డులో అలాంటి రంగే లేదు. పసుపు పచ్చదనంలో గులాబీ కలిసి ఆ రంగు వచ్చిందా, అసలు గులాబీయే లేదా చెప్పలేను.

చుక్కలు పనిచేస్తున్నాయో లేదో చూడటానికి, కొత్తగా పెట్టిన చిన్న తొట్టి నీళ్లు తీశాను. కొత్త తొట్టిలో మొదటి వారాల్లో నైట్రైట్ ఉంటుంది, మాది 1 పీపీఎం చూపిస్తోంది. ఈ నీళ్లూ పప్పు వడపోతా సగం సగం కలిపాను. కనీసం 0.5 రావాలి. మళ్లీ ఇటుకపొడే.

అందుకని మార్చినవి రెండు. పప్పు మానేసి ఉప్పు వేసి ఉడికించిన పాలకూర మాత్రమే పరీక్షిస్తాను, పసుపు వద్దు. ప్రతి టెస్టు పక్కన అదే వడపోతను చుక్కలు వేయకుండా ఇంకో గొట్టంలో పెట్టి, రెండింటి తేడానే చూస్తాను. ఇలా చేశాక తొట్టి నీళ్ల పరీక్ష 0.5 దగ్గరే వచ్చింది.

పదోవంతు పలుచన కాబట్టి కార్డులో 0.25 అంటే కూరలో కిలోకు 2.5 మిల్లీగ్రాములు. కార్డు దాటిపోతే ఇంకో పదింతలు పలుచన చేస్తాను, అప్పుడు 0.5 అంటే కిలోకు 50. మెట్టుకూ మెట్టుకూ మధ్య కంటితో అంచనాయే. కింద వచ్చే అంకెలన్నీ ఆ మోటుతనంతోనే చదవండి.

ఇప్పటివరకు: కిట్ 700, గొట్టాలూ ఫిల్టర్లూ 220, మొత్తం 1,370 రూపాయలు. టెస్టులు 7, అందులో పనికొచ్చినవి 2.

దశ 3: సున్నా, సున్నా, మళ్లీ సున్నా (మే 11 నుంచి 14)

పాలకూర ఉడికించి, మూత పెట్టి, వంటింటి గట్టు మీద 34 డిగ్రీల్లో వదిలేశాను. 4 గంటలకు సున్నా. 8 గంటలకు సున్నా. 10 గంటలకూ సున్నాయే. కిట్ పాడైందనుకుని తొట్టి నీళ్లతో మళ్లీ చూశాను. కిట్ బాగానే ఉంది.

ఒక పూట ఆలోచించాక అర్థమైంది. నేను ఉడుకుతున్న గిన్నె మీద మూత పెట్టి, ముట్టుకోకుండా వదిలేశాను. మరిగే వేడికి బ్యాక్టీరియా చాలావరకు చచ్చింది, కొత్తది లోపలికి వెళ్లే దారి లేదు. ఏ ఇంట్లోనైనా కూర ఇలా ఉంటుందా? అమ్మ గరిటెతో వడ్డిస్తుంది, ఆ గరిటె అన్నానికి తగులుతుంది, ఉప్పు చూసిన చెంచా మళ్లీ గిన్నెలోకే వెళుతుంది, మూత తీసి ఉంటుంది.

కాబట్టి రెండో విడతలో నిజం గరిటె వాడాను. భోజనంలో వడ్డించిన గరిటెతోనే పాలకూరను రెండుసార్లు కలిపి, సగం గట్టు మీద, సగం పల్చగా పరిచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాను.

గట్టు మీది గిన్నె:
- 4 గంటలు: సున్నా
- 8 గంటలు: కిలోకు 5 దాకా
- 12 గంటలు: 50 దగ్గర
- 20 గంటలు: 100 దగ్గర, వాసన మారింది

ఫ్రిజ్‌లో గిన్నె (లోపల 5 డిగ్రీలు):
- 24 గంటలు: సున్నా
- 48 గంటలు: సున్నా

8 నుంచి 12 గంటల మధ్య ఆ ఎగబాకడం చూడండి. రాత్రి ఎనిమిదిన్నరకు భోంచేసి గిన్నె గట్టు మీద వదిలితే, పొద్దున్న ఎనిమిదిన్నరకు పన్నెండు గంటలు. 12 గంటలప్పుడు వాసనలో గానీ రంగులో గానీ తేడా నాకేమీ తెలియలేదు. రుచి చూడలేదు, టెస్టుకు పెట్టిన కూర ఏదీ ఎవరం తినలేదు.

రంగు మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. రెండోసారి వేడి చేసిన పాలకూర ఆకుపచ్చ పోయి మట్టిరంగుకు తిరుగుతుంది, "చూడు, విషం" అంటారు. ఆకులోని పత్రహరితం వేడికీ పులుపుకీ మెగ్నీషియం పోగొట్టుకుంటే ఆ రంగు వస్తుంది. చింతపండు వేసిన తాజా పప్పులో కూడా అదే జరుగుతుంది. చెడిపోయిందో లేదో ఆ రంగును బట్టి తెలియదు.

ఇప్పటివరకు: పాలకూర కట్టలకు 90 కలిపి 1,460 రూపాయలు. టెస్టులు 19.

దశ 4: అసలు ప్రశ్న, మళ్లీ వేడి చేస్తే? (మే 18, 19)

గరిటె తగిలిన కొత్త గిన్నె మళ్లీ 12 గంటలు గట్టు మీద. వేడి చేయకముందు 50 దగ్గర వచ్చింది. 200 గ్రాములు బాణలిలో వేసి, ఐదు నిమిషాలు మరిగించి, చల్లార్చి, 10 గ్రాములు తీసి చూశాను.

కార్డులో 0.5కీ 1కీ మధ్య నిలబడింది. అంటే 70 అవతల.

నిజం చెప్పాలంటే ఆ పది నిమిషాలు అమ్మ గెలిచిందనే అనుకున్నాను. ఆమెకు చెప్పబోయి ఆగి, బాణలిని తూచాను. 200 గ్రాములు పెట్టింది 140 అయింది. నీళ్లు ఆవిరైపోయాయి, నైట్రైట్ అలాగే ఉంది, కాబట్టి చిక్కబడింది. 200 గ్రాముల్లో ఉన్న నైట్రైట్ ఇప్పుడు 140 గ్రాముల్లో ఉండటం వల్ల వచ్చిన తేడా అది: 50 × 200 ÷ 140, అంటే 71.

మళ్లీ చేశాను, ఈసారి సరిగ్గా:

1. వేడి చేయకముందు 200 గ్రాములు తూచాలి.
2. ఐదు నిమిషాలు మరిగించాలి.
3. ఆవిరైన నీళ్లు తిరిగి పోసి, సరిగ్గా 200 గ్రాములకు తేవాలి.
4. అప్పుడే 10 గ్రాములు తీయాలి.

వచ్చింది 50. వేడికి నైట్రైట్ పెరగలేదు, తగ్గనూ లేదు. ఫ్రిజ్‌లోంచి తీసిన గిన్నెను మూడుసార్లు వేడి చేసి, చల్లార్చి, ప్రతిసారీ నీళ్లు సరిచేసి చూశాను. మూడుసార్లూ సున్నా.

ఇంకో ప్రయోగం చేసేవాళ్లెవరైనా ఈ తూకం తప్పు చేయకండి. తూచకపోతే ఈ నమ్మకం నిజమేనని మీ కిట్టే "నిరూపిస్తుంది".

వేడి చేయడం విషాన్ని పుట్టించదు. ఇందులో ఊరట సగమే. పుట్టిన నైట్రైట్‌ను అది పోగొట్టదు కూడా. గట్టు మీద రాత్రంతా ఉన్న కూరను "బాగా మరిగిస్తే సరిపోతుంది" అనుకోవడం కూడా అంతే తప్పు. మరిగిస్తే పెర్‌ఫ్రింజెన్స్ లాంటి బ్రతికున్న బ్యాక్టీరియా చస్తుంది. కానీ చేతుల మీంచి వచ్చే స్టెఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా వదిలిన విషం, రాత్రి అన్నంలో పెరిగే బాసిల్లస్ సెరియస్ అనే ఇంకో బ్యాక్టీరియా వదిలే వాంతులు తెప్పించే విషం మరుగుకు చెక్కుచెదరవు. నా చుక్కలకు ఇవేవీ కనిపించవు. నైట్రైట్ సున్నా అంటే కూర మంచిదని కాదు, నైట్రైట్ లేదనే.

ఇప్పటివరకు: ఇంకో 90 కలిపి 1,550 రూపాయలు. టెస్టులు 28.

దశ 5: 50 అంటే ఎంత? పెద్దవాళ్లకి ఒకటి, పాపకు ఒకటి (మే 22)

యూరప్ ఆహార భద్రతా సంస్థ రోజువారీ పరిమితి: శరీర బరువు కిలోకు నైట్రైట్ 0.07 మిల్లీగ్రాములు. నేను 60 కిలోలు, అంటే 4.2. గట్టు మీది కూర 150 గ్రాములు తింటే 7.5 మిల్లీగ్రాములు. పరిమితి దాటింది.

అయితే ఇక్కడో మెలిక ఉంది. మనం తిన్న నైట్రేట్‌లో కొంత ఉమ్మిలోకి తిరిగొస్తుంది, నాలుక మీది బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్ చేస్తుంది. మొత్తం మీద తిన్న నైట్రేట్‌లో 5 నుంచి 7 శాతం ఇలా మారుతుంది. కిలోకు 1,000 మిల్లీగ్రాములున్న తాజా పాలకూర 150 గ్రాములు తిన్నా, నైట్రైట్ అణువు నైట్రేట్ కంటే తేలిక కాబట్టి అది కూడా లెక్కలో తీసుకుంటే, నా నోట్లోనే ఆరు నుంచి ఎనిమిది మిల్లీగ్రాముల నైట్రైట్ తయారవుతుంది. ఇప్పుడే దించిన కూర సంగతి ఇది. ఇది తెలిసే, 2008లో ఆ సంస్థ కూరగాయల నైట్రేట్‌ను చూసి భయపడనక్కర్లేదనీ, ఆకుకూరల వల్ల మేలే ఎక్కువనీ తేల్చింది. కాబట్టి ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల విషయంలో నిన్నటి కూరలో నాకు ఎక్కువ టెన్షన్ నైట్రైట్ గురించి కాదు, పైన చెప్పిన బ్యాక్టీరియా గురించి.

పాపల లెక్క వేరు. పక్కింటి అక్కకు ఏడు నెలల పాప, ఏడున్నర కిలోలు. పాలకూర మెత్తగా చేసి పెడుతోంది. ఆమెతో కూర్చుని లెక్క వేశాను.

- పాప రోజు పరిమితి: 7.5 × 0.07, అంటే సుమారు 0.5 మిల్లీగ్రాములు
- 12 గంటలు బయట ఉన్న గుజ్జు 40 గ్రాములు: 2 మిల్లీగ్రాములు, నాలుగింతలు

నైట్రైట్ రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ మోయలేని రూపంలోకి మారుస్తుంది. దాన్ని తిరిగి మామూలు చేసే ఎంజైమ్ పసిపిల్లల్లో తక్కువ, మొదటి నెలల్లో మరీ తక్కువ. పెదాలు, గోళ్లు నీలంగా మారడం దాని గుర్తు. 1960లలో జర్మనీలో నిల్వ ఉంచిన స్పినాచ్ గుజ్జు తిని పసిపిల్లలు ఇలా జబ్బుపడ్డ కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. ఆకుకూర మళ్లీ వేడి చేయొద్దన్న హెచ్చరిక అక్కడ గట్టిపడటానికి అదో కారణం.

"అయితే పొద్దున్నది సాయంత్రం పెట్టనా వద్దా తమ్ముడూ?" అని అడిగింది అక్క. వద్దన్నాను. పాప నోట్లో పెట్టిన చెంచా మళ్లీ గిన్నెలో ముంచితే, దశ 3లో గరిటె చేసిన పనే ఇక్కడ ఉమ్మితో జరుగుతుంది. ఏ పూటకాపూట కొంచెం చేసి, మిగిలింది పారేస్తే సరి.

ఇప్పటివరకు: 60 కలిపి 1,610 రూపాయలు. టెస్టులు 38 (అక్క చేసిన తాజా గుజ్జు, ఫ్రిజ్ గుజ్జు కూడా చూశాను, రెండూ సున్నా).

దశ 6: చల్లార్చే పద్ధతి మార్చాం (మే 25 నుంచి 30)

మొదటి ప్రయత్నం నవ్వులపాలైంది. 60 డిగ్రీల కుక్కర్‌ను అలాగే ఫ్రిజ్‌లోకి తోశాను. మూడు గంటల తర్వాత పప్పు మధ్యలో ఇంకా 24. ఫ్రిజ్ అర మాత్రం 5 నుంచి 11కి ఎక్కింది, పక్కనున్న పాల ప్యాకెట్ గోరువెచ్చన. నాన్న పొద్దున కాఫీలో పాలు విరిగాయి. ఆ రోజు ఎవరూ నాతో మాట్లాడలేదు.

రెండో పద్ధతి నిలబడింది:

1. వడ్డించే ముందే రేపటికి కావలసినంత శుభ్రమైన గరిటెతో వేరే తీయాలి. తినేటప్పుడు ఆ గిన్నె జోలికి వెళ్లకూడదు.
2. వెడల్పాటి స్టీలు పళ్లెంలో మూడు సెంటీమీటర్ల మందం మించకుండా పోయాలి.
3. ఆ పళ్లెం నీళ్ల టబ్బులో పెట్టి కలుపుతూ ఉండాలి, నీళ్లు రెండుసార్లు మార్చాలి.
4. 40కి రాగానే మూత పెట్టి ఫ్రిజ్‌లో పెట్టాలి. మరో రెండు గంటల్లో 7కి వచ్చింది.
5. మర్నాడు తినేంత మాత్రమే తీసి, 74 దాటేదాకా ఒక్కసారే వేడి చేయాలి. మిగిలితే మళ్లీ లోపల పెట్టకూడదు.

95 నుంచి 40కి ఈ పద్ధతిలో 20 నిమిషాలు పట్టింది. కుక్కర్లో ఉంచినప్పుడు ఆరు గంటలకు కూడా 39 దగ్గరే ఆగిపోయింది.

గోంగూరతో ఒక పక్క ప్రయోగం చేశాను. అమ్మ గోంగూర పచ్చడిని మాత్రం రోజుల తరబడి ఉంచుతుంది, దానికి ఈ నియమం వర్తించదట. ఆమ్లత్వం చూసే కాగితం కొని ముంచితే పచ్చడి 3 దగ్గర చూపించింది, చింతపండు తక్కువ వేసిన పాలకూర పప్పు 5 కంటే పైన. ఇక్కడ చెప్పుకున్న బ్యాక్టీరియాలకు 3 అంత పులుపులో పెరగడం కుదరదు. పైగా ఆ పచ్చడిలో ఉప్పు, నూనె. గోంగూరను వేరుగా చూడటంలో అమ్మ లెక్క తప్పలేదు. ఫ్రిజ్ లేని రోజుల్లో పాలకూర విషయంలోనూ తప్పలేదు. అప్పట్లో "మళ్లీ వేడి చేయకు" అంటే "రాత్రంతా బయట ఉన్నది తినకు" అనే అర్థం, ఎందుకంటే లోపల పెట్టడానికి చోటే లేదు.

ఇదంతా చెబితే అమ్మ, "అంటే నేను చెప్పిందే కదా" అంది. పళ్లెం, టబ్బు ఆమె కూడా వాడుతోంది. పనిచేసే ఆమె డబ్బాలోకి ఇప్పుడు వెళ్లేది, వడ్డించకముందు తీసి ఫ్రిజ్‌లో పెట్టిన పప్పు, మేం తినే దాంట్లోంచే.

ఇప్పటివరకు: పళ్లెం 180, ఆమ్లత్వం కాగితం 120, మొత్తం 1,910 రూపాయలు. టెస్టులు 46. తోటకూర, బచ్చలి మిగిలాయి గానీ చుక్కలు నాలుగు టెస్టులకే ఉన్నాయి, కొత్త తొట్టిలో ఇంకా 0.5 చూపిస్తోంది. ఆ చుక్కలు చేపలకి.